సజ్జపిండి ఎందుకు చేదెక్కింది: మా లెక్క, మా తప్పు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపకమిటీ, పిండి యూనిట్ తరఫున చదివిన మాట)



ప్రతి ఏడూ ఈ మహాసభలో ఉపకమిటీ నివేదిక అంటే ఎంత అమ్మాం, ఎంత మిగిలింది అని చదివి చప్పట్లు కొట్టించుకుని కూర్చోవడం మనకు అలవాటు. ఈసారి అలా కుదరదు. సంక్రాంతికి మనం మార్కెట్‌లోకి తెచ్చిన సజ్జపిండి ప్యాకెట్ ఫిబ్రవరి నెల తిరక్కుండానే వెనక్కి వచ్చింది. మొత్తం 3,760 ప్యాకెట్లు చేస్తే అందులో 2,300 పాడయ్యాయి. ఈ సంగతి మీలో చాలామందికి ఊళ్లో విని తెలుసు. కొందరు కవరు బాగాలేదన్నారు, కొందరు సజ్జలే పాతవన్నారు, కొందరు ప్యాకింగ్ చేసిన అమ్మాయిలు శుభ్రంగా చేయలేదన్నారు. ఈ మూడూ నిజం కాదు. నిజం ఏమిటో ఈ నాలుగు నెలలు కూర్చుని తెలుసుకున్నాం. అది చెప్పడానికే నిలబడ్డాం.

ముందు డబ్బు లెక్క చెప్పేస్తాం, లేకపోతే మీ మనసు దాని మీదే ఉంటుంది. 20 క్వింటాళ్ల సజ్జలు కిలో 26 రూపాయల లెక్కన కొన్నాం, 52,000 అయింది. మిల్లు ఆడింపుకు 7,680. అచ్చు వేయించిన కవర్లు 4,000కి 18,000. ఏరడం, జల్లించడం, తూకం, ప్యాకింగ్‌కు ఆరుగురికి 15 రోజులు, రోజుకు 300 చొప్పున 27,000. ఆటోలు, హమాలీ, దుకాణాలకు తిరిగిన ఖర్చు 9,320. అంతా కలిపి 1,14,000. అందులో లక్ష సమాఖ్య అప్పుగా ఇచ్చింది, 14,000 ఉపకమిటీ పాత లాభంలోంచి పెట్టాం. తిరిగి చేతికి వచ్చింది 54,920. అంటే నష్టం 59,080 రూపాయలు. సీలింగ్ మిషను, తూకం మిషను వేరే లెక్క, అవి ఉన్నాయి, పనిచేస్తున్నాయి.

ఇక జరిగింది చెబుతాం.

మన మెట్ట పొలాల్లో సజ్జ ఎప్పటి నుంచో ఉంది. పట్నంలో చిరుధాన్యాలు అడుగుతున్నారు, మనం గింజ అమ్మితే 26, పిండి చేసి అమ్మితే అరకిలో ప్యాకెట్‌కు 40 వస్తుంది కదా అని లెక్క వేసుకున్నాం. లెక్క తప్పు కాదు. ప్యాకెట్‌కు మనకు పడింది 30 రూపాయల పైచిలుకు. దుకాణానికి 36కి, మన గ్రామ సంఘాల్లో 40కి ఇచ్చాం. కాగితం మీద అంతా బాగుంది.

మొదటి తప్పు అక్కడే ఉంది, కానీ అది మాకు చాలా ఆలస్యంగా కనపడింది. ఒక్కసారే 20 క్వింటాళ్లు ఎందుకు ఆడించాం? ఎవరైనా అన్ని ప్యాకెట్లు కావాలని అడిగారా? లేదు. కవర్లు అచ్చు వేసే ఆయన 4,000కి తక్కువైతే వేయనన్నారు. రంగుల కవరు, దాని మీద మన సమాఖ్య పేరు, సజ్జ కంకి బొమ్మ చూడగానే మాకు మనసు లాగింది. నాలుగు వేల కవర్లు వచ్చాక వాటిని నింపాలి కదా అని సజ్జలు కొన్నాం. పిండి కోసం కవరు కొనాల్సిన వాళ్లం, కవరు కోసం పిండి చేశాం. ఆ రోజు తీర్మానం పుస్తకంలో సంతకాలు మావే. యూనిట్‌లో పనిచేసే అమ్మాయిలను మేము అడగను కూడా లేదు.

రెండో తప్పు కవరు వెనకాల అచ్చయి ఉంది. "తయారైన తేదీ నుండి 6 నెలల లోపు వాడవలెను" అని వేయించాం. ఈ ఆరు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయో మీరు అడగాలి. బజారులో దొరికే వేరే పిండి ప్యాకెట్ ఒకటి తెచ్చి, అందులో ఉన్నట్టే రాయించాం. అది సజ్జపిండి కాదు, గోధుమపిండో ఏదో. మన పిండి ఎన్నాళ్లు ఉంటుందో మనం ఒక్క ప్యాకెట్ కూడా దాచి చూడలేదు. ఆ తేదీ రాసే బాధ్యత తయారు చేసినవాళ్లదే. ఆహార రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది కదా, ఆఫీసు వాళ్లు చూసుకుంటారులే అనుకున్నాం. ఆ నంబరు మనం ఎవరమో, ఎక్కడ తయారు చేస్తున్నామో చెబుతుంది. మన పిండి ఎన్నాళ్లు నిలుస్తుందో అది చెప్పదు.

రుచి చూడలేదా అంటే, చూశాం. ఆడించిన రోజునే రొట్టెలు చేసి పదిమందిమి తిన్నాం. అద్భుతంగా ఉన్నాయి. ఆడించిన రోజు సజ్జరొట్టె బాగుండకుండా ఎలా ఉంటుంది! కొనుక్కున్న మనిషి తినేది ఇరవయ్యో రోజున, ముప్పయ్యో రోజున అని మాకు తట్టలేదు.

జనవరి 2, 4, 6, 9 తేదీల్లో నాలుగు దఫాలుగా మిల్లుకు వేశాం. 11న విడుదల కార్యక్రమం. 9వ తేదీ దఫా సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. బస్తాలో చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంది. మామూలుగా పట్టా మీద ఆరబోసి, చల్లారాక మర్నాడు నింపాలి. యూనిట్‌లో ఒక చెల్లెలు "అక్కా, ఇది చల్లారనివ్వాలి" అంది. ఎల్లుండి కార్యక్రమం, ప్యాకెట్లు తక్కువ పడతాయని మేమే తొందరపెట్టి ఆ రాత్రే నింపించాం. వేడి పిండి కవరులో పడి సీలు వేస్తే లోపలి ఆవిరి చల్లారాక నీళ్లవుతుంది. ఆ దఫా ప్యాకెట్లలోనే తర్వాత ఉండలు కట్టి బూజు వచ్చింది. ఆ అమ్మాయి పేరు ఆమె వద్దంది కాబట్టి చదవడం లేదు. ఆమె చెప్పింది, మేము వినలేదు అన్నది మాత్రం రికార్డులో ఉండాలి.

జనవరి నెల సమావేశంలో "1,500 ప్యాకెట్లు దుకాణాల్లో అమ్ముడయ్యాయి" అని మేము చెప్పాం, గుర్తుందా? అవి అమ్ముడవలేదు. దుకాణాల బల్లల మీద పెట్టి వచ్చాం, అంతే. అమ్మితే డబ్బు ఇస్తాం, లేకపోతే సరుకు ఇస్తాం అన్న ఒప్పందం మీద ఇచ్చినదాన్ని అమ్మకం కింద రాశాం. అబద్ధం చెప్పాలని కాదు. మాకే తేడా తెలియలేదు. ఆ తేడా తెలియకపోవడం వల్లే ఇంకో తప్పు జరిగింది.

జనవరి 27న మన గ్రామ సంఘాల్లోనే ఒక అక్క ఫోన్ చేసింది. "పిండి చేదుగా ఉంది, పారబోశాను" అంది. మేమేమన్నామో చెబితే సిగ్గుగా ఉంది. "డబ్బా మూత సరిగ్గా పెట్టలేదేమో, తడి చెయ్యి పడిందేమో" అన్నాం. ఆమె 30 ఏళ్లుగా సజ్జరొట్టెలు చేస్తున్న మనిషి. ఆ తర్వాత వారంలో ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. వాళ్లకూ అదే జవాబు. ఈ లోపల దుకాణాలకు ఇంకో 900 ప్యాకెట్లు పంపాం, మొదటివి బాగా అమ్ముడయ్యాయని మేమే అన్నాం కదా! ఫిబ్రవరి 14న పట్నంలో ఒక దుకాణం నుంచి ఒకేసారి 60 ప్యాకెట్లు వెనక్కి వచ్చాక గానీ మేము కవరు కోసి వాసన చూడలేదు. అప్పుడు తెలిసింది. పాత నూనె వాసన, ముక్కిన వాసన. నాలుక మీద పెడితే ముందు ఏమీ లేదు, మింగాక గొంతులో చేదు. 19న అమ్మకం ఆపేశాం. మొదటి ఫోన్‌కూ ఆపడానికీ మధ్య 23 రోజులు.

ఆపాక ఇంకో చిక్కు. ఏ ప్యాకెట్ ఏ దఫాదో తెలియదు. నాలుగు దఫాలకూ ఒకటే బ్యాచ్ నంబరు, ఒకటే తేదీ వేశాం. బూజు వచ్చినవి 9వ తేదీవి మాత్రమే అని ఇప్పుడు మాకు తెలుసు, కానీ బయట నుంచి చూస్తే అన్నీ ఒకటే. అందుకని 28 దుకాణాలకూ తిరిగి, ఉన్నవన్నీ తెచ్చుకోవాల్సి వచ్చింది. దుకాణాల నుంచి 1,530, మన సభ్యుల ఇళ్ల నుంచి 210, గదిలో మిగిలినవి 560. సభ్యులకు ప్యాకెట్‌కు 40 చొప్పున తిరిగి ఇచ్చేశాం.

వెనక్కి వచ్చిన 1,150 కిలోలు గేదెలకు పెడదామని, కిలో 10కి అడుగుతున్నారని కొందరు అన్నారు. 11,500 రూపాయలు వచ్చేవి. బూజు పట్టినవీ పట్టనివీ కలిసిపోయాయి. బూజు విషం పశువు తింటే పాలలోకి కూడా వస్తుందని పశువైద్యులు ఎప్పుడూ చెబుతూనే ఉంటారు. ఆ పాలు మళ్లీ మన పిల్లలే తాగుతారు. అందుకని గొయ్యి తీసి పేడతో కలిపి ఎరువుకు వేశాం. ఈ నిర్ణయం మీద ఇప్పటికీ కొందరికి కోపం ఉంది. ఉండనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం, సజ్జపిండి ఎందుకు చేదెక్కుతుందనేదానికి.

మా అమ్మల కాలంలో సజ్జలు తిరగలిలో రెండు మూడు రోజులకు సరిపడా విసురుకునేవారు. మిల్లులు వచ్చాక కూడా ఐదు కిలోలకు మించి ఆడించేవారు కాదు. "సజ్జపిండి నిలవ ఉండదే" అని ప్రతి ముసలమ్మకూ తెలుసు. బియ్యప్పిండి నెలల తరబడి ఉంటుంది, సజ్జపిండి ఉండదు. ఎందుకని మేమెప్పుడూ ఆలోచించలేదు. మార్చిలో కృషి విజ్ఞాన కేంద్రానికి పాడైన ప్యాకెట్, బాగున్న సజ్జలు రెండూ పట్టుకుని వెళ్లాం. అక్కడి హోమ్ సైన్స్ మేడం విడమరిచి చెప్పారు.

సజ్జ గింజ చిన్నది గానీ అందులో మొలకెత్తే భాగం, అంటే పొట్టు పక్కన ఉండే ముక్కు, గింజతో పోలిస్తే పెద్దది. నూనెలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. సజ్జల్లో నూనె నూటికి ఐదు పాళ్ల దాకా ఉంటుంది, పాలిష్ బియ్యంలో ఒక పాలు కూడా ఉండదు. ఆ నూనెను విడగొట్టే పదార్థం కూడా అదే గింజలో ఉంటుంది. దాని పేరు లైపేజ్. గింజ మొలకెత్తేటప్పుడు ఆ నూనెను కరిగించి మొక్కకు అందించడం దాని పని. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం నూనె ఒక గదిలో, లైపేజ్ ఒక గదిలో ఉన్నట్టు. అందుకే సజ్జలు ఏడాది దాచినా బాగుంటాయి. మిల్లులో వేసి పిండి చేశామంటే మధ్య గోడలు కూల్చేశామన్న మాట. ఆ నిమిషం నుంచే నూనె విడిపోయి పులుపు, చేదు మొదలవుతాయి. పిండి వెచ్చగా ఉంటే, బయట ఎండ ఎక్కువైతే ఇంకా తొందరగా. జనవరి చలిలో మూడు వారాలు దాటాక మనకు తెలిసింది. ఏప్రిల్‌లో అయితే రెండు వారాలే.

ఇందులో మాకు ముఖ్యంగా అర్థమైంది, ఇది శుభ్రత లోపం కాదు. అమ్మాయిలు చేతులు ఎంత కడిగినా, గది ఎంత ఊడ్చినా ఈ చేదు వచ్చేదే. బూజు వేరు, చేదు వేరు. బూజు మా తొందర వల్ల వచ్చింది, చేదు గింజ గుణం వల్ల వచ్చింది. ఇంకో మాట, మందపాటి వెండి రంగు కవరు వేసి ఉంటే ఇలా అయ్యేది కాదని ఒక కవర్ల ఆయన మాకు చెప్పారు. నమ్మి మళ్లీ డబ్బు పెట్టేవాళ్లమే. కానీ ఈసారి చూడకుండా కొనకూడదని పట్టుబట్టి కూర్చున్నాం.

చూడడం ఎలా చేశామో చెబుతాం, ఎందుకంటే ఏ గ్రామ సంఘమైనా రేపు పచ్చడో, కారమో, లడ్డూలో చేస్తే ఇలాగే చేయవచ్చు. మార్చి 10న ఒకే బస్తా సజ్జలు నాలుగు భాగాలు చేశాం. ఒకటి మామూలుగా ఆడించి పాత కవరులో పెట్టాం. రెండోది మామూలుగా ఆడించి, బాగా చల్లార్చి, మందపాటి కవరులో పెట్టాం. మూడోది సజ్జలు బాండీలో దోరగా వేయించి ఆడించాం. నాలుగోది మేడం చెప్పినట్టు మరిగే నీళ్లలో ముంచి, ఎండబెట్టి ఆడించాం. ఒక్కో రకానికి ఎనిమిది చిన్న ప్యాకెట్లు చేసి, మీద పేరు రాయకుండా అంకెలు వేశాం. ఏ అంకె ఏదో సమాఖ్య కోశాధికారి ఒక్కరికే తెలుసు. ప్రతి సోమవారం రకానికో ప్యాకెట్ కోసి, వాసన చూసి, రొట్టె చేసి, ముగ్గురు రుచి చూసి ఎవరి కాగితం మీద వాళ్లు రాసేవారు. ఆ ముగ్గురిలో ఒకరు మాకు మొదట ఫోన్ చేసిన అక్క. ఆమెను బతిమాలి పిలిచాం. ఆమె నాలుక మిగతా ఇద్దరి కంటే వారం ముందే చేదు పట్టేసింది!

రెండో వారం కాగితాల్లోనే మామూలు పిండికి చేదు రాశారు. మందపాటి కవరులోది మూడో వారానికి చేదెక్కింది. వారం తేడా కోసం కవరుకు అంత డబ్బు పెట్టేవాళ్లమన్న మాట. లైపేజ్‌కు బయటి గాలితో పని లేదు, కవరు లోపలే ఉండి తన పని తను చేసుకుపోతుంది. వేయించినది ఆరో వారం దాకా చేదు రాలేదు గానీ, రొట్టె తట్టబోతే అంచులు విరిగిపోతున్నాయి, రుచి కూడా రొట్టె రుచి కాదు. జావకూ లడ్డూకూ బాగుంటుంది. నీళ్లలో ముంచినది ఎనిమిదో వారం, అంటే ప్యాకెట్లు అయిపోయేదాకా, ముగ్గురూ బాగుందనే రాశారు. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉంటుందో మేము చూడలేదు, కాబట్టి అంతకు మించి చెప్పం.

ముంచడం చాలా తేలికని అనుకోకండి. 25 లీటర్ల నీళ్లు సలసల కాగాలి. ఏరి, జల్లించి, కడిగిన సజ్జలు ఐదు కిలోలు పల్చటి గుడ్డ సంచిలోనో జల్లి బుట్టలోనో వేసి ముంచాలి. అర నిమిషం, ఎక్కువ వద్దు. తీసి వెంటనే చన్నీళ్లలో ముంచి, నీళ్లు వడకట్టి పల్చగా ఆరబోయాలి. మొదటిసారి పని తొందరగా అవుతుందని మేము అదే నీళ్లలో 15 కిలోలు వేశాం. గింజలు పడగానే కాగు ఆగిపోయింది, నీళ్లకు మళ్లీ మరుగు రాలేదు. ఆ పిండి నాలుగో వారానికి చేదెక్కింది. ఇంకోసారి మాటల్లో పడి ఐదు నిమిషాలు ఉంచేస్తే గింజలు ఉబ్బి పగిలి ముద్దగా అంటుకున్నాయి. అందుకని ఇప్పుడు ఒక మనిషి చేతిలో ఫోన్ గడియారం పట్టుకుని నిలబడడమే పని.

అసలు కష్టం ఎండబెట్టడం. తడి గింజను సరిగ్గా ఆరబెట్టకుండా ఆడిస్తే చేదు పోయి బూజు వస్తుంది. మాకు ఏప్రిల్ ఎండలో రోజున్నర పట్టింది. పంటి కింద వేస్తే టక్కున పగలాలి, నలిగితే ఆరలేదని. తేమ నూటికి 12 పాళ్ల కంటే తక్కువ ఉండాలన్నారు. రైతు సేవా కేంద్రంలో తేమ మిషను ఉంది కదా అని తీసుకెళ్లాం. అది వరి గింజకు పెట్టి ఉంటే సజ్జలకు అంకె తప్పు చూపిస్తుంది, గింజ పేరు మార్చి కొలవమని అడగాలి. వానాకాలంలో ఈ పని మనకు కుదరదు. డ్రైయర్ కొనమని ఎవరూ ఇప్పుడే అడగవద్దు.

ఖర్చు సంగతి. 50 కిలోలకు కట్టెలు 200, ఇద్దరి కూలీ 600. అంటే కిలోకు 16, ప్యాకెట్‌కు 8 రూపాయలు పెరుగుతుంది. 40కి ఇచ్చిన ప్యాకెట్ 48 చేయాలి. 48కి మన వాళ్లు కొంటారా? తెలియదు. ఇప్పటిదాకా అడిగినవాళ్లలో కొందరు "మిల్లు మన వీధిలోనే ఉంటే నేనెందుకు కొంటాను" అన్నారు. ఆ మాట కూడా నిజమే. సజ్జలు ఇంట్లో ఉన్నవాళ్లు ప్యాకెట్ కొనరు. కొనేవాళ్లు పట్నంలో ఉన్నారు, వాళ్లకే తాజాగా చేర్చడం కష్టం.

యూనిట్ ఆరుగురితో ఒక మాట, అందరి ముందూ. మీ కూలీ 27,000 వెనక్కి కట్టించాలని రెండు గ్రామ సంఘాల నుంచి తీర్మానాలు వచ్చాయి. ఉపకమిటీగా మేము ఒప్పుకోలేదు. మీరు చేయమన్నది చేశారు. ఎన్ని ఆడించాలో, కవరు మీద ఏం రాయాలో, వేడి పిండి నింపాలో వద్దో తేల్చింది మేము. మీలో కొందరు ఈ మాటలు విని యూనిట్‌కు రావడం మానేశారు. మిషను దగ్గరికి మళ్లీ రమ్మని అడుగుతున్నాం. కానీ ఈసారి ఎవరైనా "అక్కా, ఇది చల్లారలేదు" అంటే పని అక్కడే ఆగుతుంది. అది ఇప్పుడు పుస్తకంలో రాసుకున్నాం. ఆపిన మనిషి ఎందుకు ఆపిందో చెబితే చాలు, మా అనుమతి అక్కర్లేదు.

అప్పు సంగతి. లక్షలో 50,000 సమాఖ్యకు కట్టేశాం. మిగిలిన 50,000 నెలకు 2,500 చొప్పున 20 నెలల్లో కడతాం. మన సీలింగ్ మిషను మీద కందిపప్పు ప్యాకింగ్ పని కూలీకి చేస్తున్నాం, అందులోంచి కొంత వస్తుంది. తక్కువైన నెలల్లో ఉపకమిటీ ఐదుగురం మా సమావేశ భత్యాలు వదులుకుంటాం. ఏ పొదుపు సంఘం డబ్బూ ముట్టుకోవడం లేదు. మిగిలిన 240 అచ్చు కవర్లు వాడం. వాటి మీద ఆరు నెలలని ఉంది.

వచ్చే పంట వచ్చాక, ఎండలు ఉన్న రోజులు చూసి, 50 కిలోలు మాత్రమే చేస్తాం. 100 ప్యాకెట్లకు సాదా కవరు, మీద స్టిక్కరు. ఆడించిన ప్రతి దఫాకూ వేరే బ్యాచ్ నంబరు. తేదీ 30 రోజులే వేస్తాం, ఎనిమిది వారాలు నిలిచిందని తెలిసినా సరే, ఎందుకంటే మేము చూసింది ఒక్క బస్తా మాత్రమే. ప్రతి దఫా నుంచి రెండు ప్యాకెట్లు మన ఆఫీసు బీరువాలో ఉంటాయి, 30వ రోజున వాటిని కోసి రుచి చూసి పుస్తకంలో రాస్తాం. దుకాణాలకు ఇవ్వం, ముందుగా పేరు ఇచ్చినవాళ్లకే ఇస్తాం. డబ్బు చేతికి వస్తేనే అమ్మకం అని రాస్తాం. రెండు ఫిర్యాదులు వస్తే ఎవరిని అడగకుండా ఆ బ్యాచ్ ఆగిపోతుంది. ఫోన్ ఎత్తినవాళ్లు "మూత సరిగ్గా పెట్టలేదేమో" అనకూడదు, ప్యాకెట్ తెప్పించుకోవాలి.

వంద ప్యాకెట్లు కూడా 48కి పోకపోతే సజ్జపిండి మానేసి, వేయించిన సజ్జలతో జావ పొడి చూస్తాం, లేదా శుభ్రం చేసిన సజ్జలనే గింజగా అమ్ముతాం. గింజ ఏడాది పాడవదు. అది మాకు ఇప్పుడు బాగా తెలుసు.

పేర్లు ఇచ్చేవాళ్లు బయట బల్ల దగ్గర రాయించండి. మొదటి ఫోన్ చేసిన అక్క పేరు మొదటి వరుసలో ఉంది. ఆమెకు ప్యాకెట్ ఉచితం కాదు, డబ్బు ఇచ్చి తీసుకుంటానంది. చేదుగా ఉంటే ఈసారి తిట్టడానికి హక్కు ఉండాలట.